ఈగ వాలిన చేపల పులుసు, చీమలు పట్టిన చక్కెర, మామిడిపళ్ళ మీద చిన్న ఈగలు: ఏది పారేయాలి, ఏది తినొచ్చు?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఆదివారం చుట్టాలొచ్చారని మధ్యాహ్నం బొచ్చె పులుసు పెట్టాను. మూత పెట్టడం మరిచి అందరం వసారాలో మాటల్లో పడ్డాం. గంట తర్వాత వచ్చి చూస్తే పులుసు చట్టి మీద, అన్నం మీద, పాపకి కలిపి పెట్టిన పెరుగన్నం మీద ఈగలు. సగం పులుసు రేపటికి ఉంచుదామనుకున్నా. ఇవి కాక చక్కెర డబ్బాలో చీమలు, ఉలవపాడు నుంచి తెచ్చిన మామిడిపళ్ళ మీద సన్న ఈగలు. అత్తేమో "ఈగ వాలితే ఏమవుతుంది, తోలేసి తినండి" అంటుంది. మా ఆయన అన్నీ పారబోయమంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు:

పెరుగన్నం పారేయండి, అందులో రెండో మాట లేదు. పులుసుని మళ్ళీ బాగా మరగనిచ్చి తినొచ్చు, రేపటికీ ఉంచుకోవచ్చు. అన్నం అప్పటికి ఇంకా పొగలు కక్కుతుంటే పైన రెండు వేళ్ళ మందం తీసేసి, మిగతాది పెద్దవాళ్ళు ఆ పూటే తినేయాలి. దాన్ని రాత్రికి గానీ చద్దికి గానీ ఉంచొద్దు. చక్కెర పారేయక్కర్లేదు. మామిడిపళ్ళు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడాలి, బుట్ట మొత్తానికి ఒకే తీర్పు చెప్పలేం. మీ అత్తగారిది సగం నిజం, మీ ఆయనది సగం నిజం. ఆ సగాలు ఎక్కడ విడిపోతాయో తెలిస్తే ఇకముందు ఎవర్నీ అడగక్కర్లేదు.

ముందు ఈగ సంగతి. ఈగకి నమిలే నోరు లేదు, స్పాంజిలాంటి మూతి ఉంటుంది. గట్టి తిండి మీద వాలితే ముందు తన పొట్టలోని ద్రవాన్ని, ఉమ్మిని దాని మీద కక్కి, కరిగాక పీల్చుకుంటుంది. తినే చోటే రెట్ట కూడా వేస్తుంది. గిన్నె అంచు మీద కనబడే గోధుమ రంగు, నల్ల చుక్కలు అవే. కాళ్ళ నూగుకి అంటుకొచ్చే మురికి కంటే ఈ కక్కినదీ రెట్టా ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అంతకుముందు అది పేడ మీదో, మురుగు కాలువ దగ్గరో, చేపలు తోమిన నీళ్ళ మీదో తిన్నదంతా ఆ పొట్టలోనే ఉంటుంది. "ఒక్క క్షణమే వాలింది" అన్నా ఏదో కొంత దిగే ఉంటుందని అనుకోవాలి.

అయితే దిగిన ఆ కొంచెంతోనే మనిషికి జబ్బు రావడం తక్కువ. చాలా రకాల క్రిములు మనిషిని పడగొట్టాలంటే వేలల్లో, లక్షల్లో పెరగాలి. వాటికి కావాల్సింది తడి, పులుపు లేని మెత్తని తిండి, గోరువెచ్చని వేడి, ఆపైన టైము. ఒక లెక్క చూడండి. అనువైన తిండిలో మన ఎండాకాలపు వేడికి ఇలాంటి క్రిమి దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. వంద క్రిములు పడ్డాయనుకుంటే రెండు గంటలకి 6,400 అవుతాయి. నాలుగు గంటలకి నాలుగు లక్షలు దాటతాయి. మొదట్లో క్రిములు కాస్త నెమ్మదిగా కుదురుకుంటాయి గనక అసలు లెక్క ఇంతకంటే కొంచెం తక్కువే ఉండొచ్చు, కానీ పెరిగే తీరు ఇదే. అందుకే ఈగ వాలిందా లేదా అన్నదానికంటే వాలిన తర్వాత ఎంతసేపు, ఏ వేడిలో ఉంది, మళ్ళీ ఉడికించడానికి వీలయ్యే వంటకమేనా అన్నవే అసలు ప్రశ్నలు. వండిన తిండిని మామూలుగా రెండు గంటలకి మించి బయట ఉంచకూడదంటారు. గది వేడి 32 డిగ్రీలు దాటితే అది గంటే. ఏప్రిల్, మే నెలల్లో మన వంటిళ్ళలో మధ్యాహ్నం ఎప్పుడూ ఆ గంట లెక్కే.

ఈ లెక్కకి లొంగని క్రిమి ఒకటుంది. జిగట, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లాకి పెరగాల్సిన పనే లేదు, పది నుంచి వంద క్రిములు కడుపులోకి పోతే చాలు. ఈగ మోసుకొచ్చేవాటిలో ఇది ముఖ్యమైనది. ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఎవరికైనా విరేచనాలు అవుతున్నప్పుడు, దగ్గర్లో తెరిచిన మరుగుదొడ్డి ఉన్నప్పుడు టైము లెక్కలు పక్కన పెట్టండి. ఈగ వాలినది ఉడికించడానికి వీలైతే ఉడికించండి, వీలుకాకపోతే పారేయండి. పాప పెరుగన్నం పారేయమన్నది ఇందుకే. దాన్ని మళ్ళీ ఉడికించలేం, చల్లగా మెత్తగా ఉంటుంది. పిల్లలకి కమ్మగా ఉండాలని పాలు ఎక్కువ పోసి కలుపుతాం గనక పులుపు కూడా తక్కువ. తినేది పసిపిల్ల, వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఒక్క రోజులోనే ఒంట్లో నీళ్ళు పోయి నీరసించిపోతుంది. దీని విలువ గుప్పెడు అన్నం, రెండు గరిటెల పెరుగు. ఐదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు తినేదైతే ఇదే పద్ధతి పాటించండి.

ఇప్పుడు పులుసు. మన పులుసు మిగతా కూరల్లాంటిది కాదు. చింతపండు పులుపు, పైగా మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం, పైన తేలే నూనె, ఇవన్నీ క్రిముల పెరుగుదలని వెనక్కి లాగుతాయి. కానీ ఆపేయవు. పులుపు రసంలో ఉన్నంతగా చేప ముక్క లోపల ఉండదు, మందపాటి బొచ్చె ముక్క మధ్యలో చేప చేపలాగే ఉంటుంది. కాబట్టి "పులుసు గదా, ఏం కాదు" అని వదిలేయకుండా మీరు చూసిన వెంటనే చేయాల్సింది ఇది.

ఈగ పడి ఉంటే దాన్ని, చుట్టూ ఉన్న రెండు గరిటెల పులుసుతో సహా తీసి పారేయండి. చట్టి లోపలి అంచుని, పులుసు మట్టానికి పైన ఉన్న భాగాన్ని శుభ్రమైన తడి గుడ్డతో తుడవండి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఈగలు ఎక్కువగా వాలేది మరిగే పులుసు మీద కాదు, చల్లారిన అంచు మీద, ఎండిన పులుసు చారల మీద, గరిటె కాడ మీద. పులుసు ఎంత మరిగినా ఆ అంచు మరగదు. గరిటెని కడగకుండా మళ్ళీ అందులో పెట్టొద్దు. తర్వాత మూత పెట్టి పొయ్యి మీదెక్కించండి, ఆవిరికి అంచు కూడా వేడెక్కుతుంది. పక్కల్లో బుడగలొస్తే చాలదు, మధ్యలో కుతకుతమనాలి. అప్పటినుంచి సన్న సెగ మీద ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉంచండి, ముక్క లోపలికి వేడి దిగడానికి ఆ మాత్రం కావాలి. గరిటెతో కలిపితే ముక్క చిదిరిపోతుంది. అలవాటైన పద్ధతిలో గుడ్డతో పట్టుకుని చట్టినే అటూ ఇటూ తిప్పండి. దించాక మూత తీయకుండా ఉంచండి.

మీ విషయంలో మరుపు గంట. ఆ గంటలో పులుసు ఇంకా చేతికి వేడిగానే ఉండి ఉంటుంది, ఎందుకంటే మట్టి చట్టి త్వరగా చల్లారదు. కాబట్టి మళ్ళీ మరిగించిన పులుసు నిక్షేపంగా తినొచ్చు. అదే పులుసుని మీరు సాయంత్రం ఆరింటికి చూసి ఉంటే నా జవాబు పారేయమనే. మరిగిస్తే క్రిములు చస్తాయి, కానీ అప్పటికే కొన్ని రకాలు తిండిలో వదిలిన విషం మరిగినా పోదు. "ఏదైనా ఉడికిస్తే సరిపోతుంది" అన్న నమ్మకం దెబ్బతినేది ఇక్కడే. రుచి, వాసన చూసి తేల్చుకోవడం కూడా కుదరదు. ఆ విషానికి వాసన లేదు.

చేప విషయంలో ఇంకో చిక్కు ఉంది. కానాగంతలు, తూర లాంటి చేపల్లో, ముఖ్యంగా ఎండలో ఐసు లేకుండా ఉన్నవాటిలో, హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ వస్తాయి. అది కూడా వండినా పోదు. మీది బొచ్చె, దానికి ఈ భయం తక్కువ. కానాగంతల పులుసు అయితే మాత్రం బయట ఉన్న టైముని ఇంకా బిగించి చూడండి, నాలుక మీద మిరియపు చురుకులాంటిది తగిలితే వెంటనే ఆపేయండి.

రేపటి పులుసే రుచి అన్నది మన జిల్లాలో ఎవరూ కాదనలేని మాట. దాన్ని పెద్దవాళ్ళు సాగించింది కూడా ఒక పద్ధతితోనే: రాత్రి భోజనాలయ్యాక ఒకసారి మరిగించి, మూత పెట్టి, ఆ తర్వాత గరిటె గానీ చెయ్యి గానీ పెట్టకుండా తెల్లారి మళ్ళీ మరిగించడం. ఈ వరుసలో ఈగ వాలాల్సిన సందు లేదు. మరిగించిన తర్వాత మూత తీసి పిల్లి మూతి పెట్టినా, ఈగ వాలినా, ఎంగిలి గరిటె పడినా వరుస తెగినట్టే, రాత్రంతా అలా ఉన్నదాన్ని ఉదయం మరిగించి లాభం లేదు. ఫ్రిజ్ ఉంటే పెద్ద చట్టిని అలాగే పెట్టకుండా వెడల్పాటి రెండు గిన్నెల్లోకి పలచగా పోసి, పొగ పోయాక, రెండు గంటల్లోపు లోపల పెట్టండి. లోతు గిన్నె ఫ్రిజ్‌లో కూడా మధ్యలో చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది.

అన్నం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అన్నానికి ఈగ లేకపోయినా ప్రమాదం ఉంది. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి విత్తనాలు ఉడికినా చావవు. అన్నం చల్లారి గంటల తరబడి ఉంటే మొలకెత్తి, వాంతులు తెచ్చే విషం చేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా విరగదు. అందుకే వేడిగా ఉన్న అన్నం మీద ఈగ వాలితే కలపకుండా పైపొర తీయమన్నాను. మురికి పైనే ఉంటుంది, గరిటె పెట్టి కలిపితే మనమే లోపలికి దింపినట్టు. ఈగ వాలి చల్లారిపోయిన అన్నమైతే పారేయండి, కోళ్ళకి వేయండి. చద్దికి కూడా ఉంచొద్దని అన్నానే, దానికీ కారణం ఉంది. చద్దన్నం రాత్రంతా నీళ్ళలో, మజ్జిగలో పులిసి మంచిదవుతుంది. కానీ పులుపు ఎక్కేలోపు ఉన్న తొలి నాలుగైదు గంటలు మంచి క్రిములకీ చెడు క్రిములకీ ఒకే వెచ్చదనం. ఈగ వాలని అన్నంతో ఆ పోటీలో మనం గెలుస్తాం. వాలిన అన్నంతో ఎందుకు పందెం కాయడం?

వండని చేప, మాంసం మీద మార్కెట్లో ఈగలు ముసరడం మనకి మామూలే. కడిగి, ఉప్పు పసుపు రాసి, పూర్తిగా ఉడికిస్తే వాలిన ఈగతో నష్టం లేదు. చూడాల్సింది గుడ్ల కోసం. ఆకుపచ్చగా, నీలంగా మెరిసే పెద్ద ఈగలు చేప మొప్పల్లో, కోసిన గాట్లలో గుడ్లు పెడతాయి. తెల్లగా, మిల్లీమీటరు పొడవున, విరిగిన బియ్యపు నూకల్లా గుత్తిగా ఉంటాయి. మామూలు ఇంటి ఈగ గుడ్లూ దాదాపు అలాగే ఉంటాయి, ఒక విడతకి వందకి అటూ ఇటూ పెడుతుంది, వేడి రోజున 8 నుంచి 20 గంటల్లో పురుగులవుతాయి. గుడ్లు కనిపించాయంటే ఆ చేప చాలాసేపు ఐసు లేకుండా ఉందని అర్థం, కడిగి వండుకోవడం కాదు, కొననే కొనొద్దు. ఎండు చేపల్లో పురుగు కనిపించినా అదే మాట: సరిగ్గా ఉప్పు పట్టలేదు, లోపల ఇంకా తడి ఉంది.

పొరపాటున ఒక పురుగు మింగేశామని కంగారు పడేవాళ్ళుంటారు. చాలావరకు అది కడుపులోనే చచ్చి జీర్ణమైపోతుంది. భయం పురుగుది కాదు, పురుగు పట్టేదాకా కుళ్ళిన తిండిది.

పొడి తిండి సంగతి తేలిక. బొరుగులు, వేరుశనక్కాయలు, చెగోడీలు, బెల్లం, చక్కెర, ఆవకాయ, నిమ్మకాయ ఊరగాయ: వీటి మీద ఈగ వాలినా క్రిములు పెరగలేవు. వాలిన చోట గిల్లి తీసేసి వాడుకోవచ్చు, ఊర్లో విరేచనాలు లేనంతవరకు. మలై కాజా మాత్రం పాకం స్వీటు కదా అని ఈ లెక్కలో వేయకండి. లోపల కోవా ఉంటుంది, తడి ఉంటుంది. అద్దం లేని పళ్ళెంలో ఈగలాడుతున్న కాజాలు కొనొద్దు.

చీమలు ఈగలంత చెడ్డవి కావు గానీ, పూర్తిగా అమాయకమూ కావు. బాత్రూము గూటి నుంచో, మురుగు పైపు పక్కనుంచో బారు కట్టి వస్తే అవీ క్రిముల్ని మోసుకొస్తాయి. చక్కెరని పళ్ళెంలో పలచగా పరిచి కాసేపు ఎండలో పెడితే చీమలే వెళ్ళిపోతాయి. చచ్చినవాటిని జల్లించి తీసేయండి. కాఫీకో పాయసానికో మరుగుతుంది గనక ఇంక చింత లేదు. పాలలో చీమలు పడితే వడగట్టి కాచుకోండి. రాత్రంతా మూత లేకుండా ఉన్న మాంసం కూరకి చీమలు పట్టాయంటే మాత్రం పారేయండి, చీమల వల్ల కాదు, రాత్రంతా బయట ఉన్నందుకు. ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు లేదు: డబ్బా చుట్టూ చీమల సుద్దతో గీత గీసినా, చీమల పొడి చల్లినా, స్ప్రే కొట్టినా, ఆ మందు తగిలిన తిండి ఏదైనా, పొడిదైనా, పులుపుదైనా, పారేయాల్సిందే. క్రిమిని మరిగించి చంపొచ్చు, పురుగుమందుని చంపలేం. సుద్ద బదులు డబ్బాని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టండి.

మిగిలింది మీ మామిడిపళ్ళు. అక్కడ కనిపించేది రెండు రకాల్లో ఒకటి. ఎర్రటి కళ్ళతో, మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని ఈగలు పులిసిన వాసనకి చేరేవి. అవి తొక్క చెక్కుచెదరని పండుని ఏమీ చేయలేవు. నొక్కుకుపోయిన చోట, ముచ్చిక దగ్గర పగిలిన చోట గుడ్లు పెడతాయి. తొక్క బిగువుగా ఉన్న పళ్ళని కడిగి, తుడిచి నిశ్చింతగా తినండి. ఒక్కచోటే చిన్న దెబ్బ ఉండి వాసన బాగుంటే, దాని చుట్టూ వేలెడు మందాన కోసి తీసేసి వెంటనే తినొచ్చు. మెత్తబడి, కల్లు వాసనొస్తూ, నొక్కితే నురుగు వచ్చేదాన్ని పారేయండి. రసాలు లాంటి పీచు, రసం ఉన్న పండులో కుళ్ళు కంటికి కనిపించేదానికంటే లోపలికి పోయి ఉంటుంది, బంగినపల్లిలో గట్టి కండ గనక కోసి తీయడం కుదురుతుంది.

రెండో రకం చెట్టు మీదే కాయలోకి గుడ్డు దింపే పండు ఈగ. అది ఇంటి ఈగంత ఉండి, పసుపు గోధుమ రంగులో కందిరీగలా కనిపిస్తుంది. అది మీ వంటింట్లో కనబడకపోవచ్చు, దాని పని తోటలోనే అయిపోయి ఉంటుంది. పండు మీద సూది గుచ్చినట్టు చుక్క, చుట్టూ నల్లబడిన మచ్చ, నొక్కితే ఒక బొట్టు రసం ఉంటే అనుమానించండి. కోసి చూస్తే తెల్ల పురుగులుంటాయి, బయట పడగానే ఎగిరి దూకుతాయి. వాటికి విషం లేదు, కానీ కండ కుళ్ళిపోయి ఉంటుంది. పారేసేటప్పుడు మాత్రం పెరట్లో విసరకండి, పురుగు మట్టిలో దిగి కొత్త ఈగగా మీ చెట్టుకే వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా ముడేసి నాలుగైదు రోజులు ఎండలో పడేసి ఉంచండి.

బుట్టలో మిగిలిన మంచి పళ్ళని ఒకదానికొకటి తగలకుండా పరిచి, పలచటి గుడ్డ కప్పండి. పక్కన ఒక గ్లాసులో మగ్గిన మామిడి తొక్క, కాసిని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పెడితే సన్న ఈగలు అందులో పడి మునుగుతాయి. రోజూ మార్చండి, లేకపోతే ఆ గ్లాసే వాటికి పుట్టిల్లవుతుంది.